జవాబు ఏ సెకనులో మొదలైంది?

బ్యాంకు కోచింగ్ అంటే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలామందికి ముందు గుర్తొచ్చే ఊరు నంద్యాల. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా పిల్లలు వచ్చి ఇక్కడ రూములు తీసుకుంటారు, మెస్సుల్లో తింటారు, నెలల తరబడి రీజనింగూ క్వాంట్సూ నూరుతారు. ఆ నెలలన్నిటిలోనూ వాళ్లకు నోటితో పని పడదు. పెన్ను కదలాలి, మౌస్ కదలాలి, అంతే. పైగా క్లర్కు పోస్టుకు ఇంటర్వ్యూనే లేదు. అందుకే పీఓ మెయిన్స్ గట్టెక్కిన చాలామంది జీవితంలో మొదటిసారి నలుగురైదుగురు పెద్దల ముందు కూర్చుని మాట్లాడబోతున్నారని ఆ ఫలితం వచ్చాకే గుర్తిస్తారు.

ఆ పదిహేను ఇరవై నిమిషాల విలువ ఎంతో ఒకసారి లెక్క వేసి చూద్దాం. ఐబీపీఎస్ పీఓలో తుది స్కోరుకు మెయిన్స్, ఇంటర్వ్యూ 80:20 పాళ్లలో కలుస్తాయి. ఇంటర్వ్యూ 100 మార్కులకు. అందులో కనీసం 40 రావాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకైతే 35. ఒకరికి ఇంటర్వ్యూలో 45, ఇంకొకరికి 65 వచ్చాయనుకోండి. తుది స్కోరులో వాళ్ల మధ్య తేడా 4 మార్కులు. ఆ నాలుగునూ మెయిన్స్‌లో సంపాదించాలంటే 225లో పదకొండుకు పైగా ఎక్కువ తెచ్చుకోవాలి. మెయిన్స్ హాలులో ఆ పదకొండు ఎంత కష్టమో రాసినవాళ్లకు తెలుసు. ఇంటర్వ్యూలో ఆ ఇరవై మార్కుల తేడాకు చదువు తక్కువ కావడం ఒక్కటే కారణం కాదు. తెలిసిన విషయాన్నే సాగదీసి, మధ్యలో తడబడి, ఎక్కడ ఆపాలో తెలియక చెప్పడం వల్ల కూడా పోతాయి. ఈ వ్యాసం ఆ భాగం గురించే.

స్నేహితుడితో గానీ ఫోను కెమెరాతో గానీ మాక్ ఇంటర్వ్యూలు చేసుకోవాలని అందరూ చెబుతారు. చేస్తారు కూడా. కానీ చాలామంది వీడియో తీసుకుని, ఒకసారి చూసుకుని, సిగ్గుపడి, డిలీట్ చేసి, మళ్లీ తీస్తారు. రెండోసారి కొంచెం మెరుగ్గా ఉంటుంది, ఎందుకంటే జవాబు అప్పటికే నోటికి వచ్చేసింది. దాన్ని చూసి మెరుగుపడ్డామనుకుంటారు. ప్రశ్న మారగానే మొదటి వీడియోలో ఉన్న మనిషే మళ్లీ కనబడతాడు. నా ఉద్దేశంలో వీడియో చూడడం సగం పనే. అసలు పని దాన్ని ఉన్నదున్నట్టు కాగితం మీదికి ఎక్కించడం.

ఒక అభ్యర్థిని ఊహించుకుందాం. ఆళ్లగడ్డ దగ్గర పల్లె, తండ్రికి నాలుగెకరాలు, పప్పుశనగ వేస్తాడు. తను బీటెక్ మెకానికల్ చేసింది. నంద్యాలలో రూమ్మేటు ఎదురుగా కూర్చుంది, ఫోను పుస్తకాల దొంతరకు ఆనించి కళ్ల ఎత్తులో పెట్టారు, చేతులు కూడా ఫ్రేములో పడేలా. ప్రశ్న, ప్రతి పానెలూ అడిగేదే: మీ జిల్లా గురించి చెప్పండి. మనవాళ్లు ఎక్కువమంది ఇంటర్వ్యూ ఇంగ్లీషులో ఇస్తారు గానీ, ఇక్కడ చదవడానికి వీలుగా తెలుగులో రాస్తున్నాను. జబ్బు ఏ భాషలోనైనా ఒకటే.

“సర్, అంటే, యాక్చువల్లీ మాది నంద్యాల జిల్లా సర్. ఇంతకుముందు, అంటే, కర్నూలు జిల్లాలో ఉండేది సర్. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా అయింది సర్. మా జిల్లాలో... ఆఁ... శ్రీశైలం ఉంది సర్, మహానంది ఉంది, అహోబిలం ఉంది, బెలుం గుహలు ఉన్నాయి సర్. ఇంకా... ఆఁ... పీవీ నరసింహారావు గారు, అంటే, మాజీ ప్రధాని, యాక్చువల్లీ 1991లో ఇక్కడి ఉప ఎన్నికలోనే గెలిచారు సర్. ఇంకా, వరి పండుతుంది సర్, శనగ, పత్తి, మొక్కజొన్న... ఇంకా... ఆఁ... మాది ఆళ్లగడ్డ సర్, అక్కడ శిల్పులు ఉన్నారు, రాతి విగ్రహాలు చెక్కుతారు సర్. ఇంకా... అంతే సర్.”

ముప్పావు నిమిషం. ఇందులో ఒక్క తప్పు సమాచారం కూడా లేదు. తేదీ సరైనదే, పీవీ సంగతి సరైనదే. అయినా వినేవాడికి ఏమీ మిగలదు. ఎందుకో తెలుసుకోవాలంటే దీన్ని ఇలాగే, ఆఁలూ అంటేలూ వదలకుండా, చేత్తో రాయాలి. నిమిషం వీడియో రాయడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది, విసుగ్గానూ ఉంటుంది. ఆ విసుగులోనే చెవి తేరుతుంది. మామూలుగా వింటున్నప్పుడు మన మెదడు ఈ ఊతపదాలను తనంతట తనే వడగట్టేస్తుంది. మనవి అయితే మరీను. రాసేటప్పుడు అలా జారవిడవడం కుదరదు.

రాశాక మూడు పనులు. మొదటిది, ఊతపదాలను ఎర్ర పెన్నుతో చుట్టాలి. పైన చూస్తే “సర్” పదకొండు, “ఇంకా” నాలుగు, “అంటే” మూడు, “ఆఁ” మూడు, “యాక్చువల్లీ” రెండు. రెండోది, అడిగిన ప్రశ్నకు నిజంగా జవాబనిపించే వాక్యం ఏదో వెతికి దాని కింద గీత గీసి, అది వీడియోలో ఎన్నో సెకనులో వచ్చిందో పక్కన వెయ్యాలి. మూడోది, ఆ జవాబు ఎక్కడ పూర్తయిందో చూసి, దాని తర్వాత ఇంకా ఎంతసేపు మాట్లాడారో రాయాలి. గీతకు ముందున్నది దారి వెతుక్కోవడం, గీతకు తర్వాతది దారి తప్పడం. ఊతపదాల లెక్కకన్నా ఈ రెండు అంకెలే నాకు ముఖ్యమనిపిస్తాయి.

ఈ అమ్మాయి విషయంలో గీత ఎక్కడ గీయాలి? నేనైతే ఆళ్లగడ్డ శిల్పుల వాక్యం కింద గీస్తాను. అదొక్కటే ఆమె దగ్గరగా చూసిన సంగతి. మిగతావన్నీ గూగుల్ చేస్తే పానెలుకూ తెలుస్తాయి. అది వచ్చింది దాదాపు నలభయ్యో సెకను దగ్గర, అదీ పోతూ పోతూ. అంటే ముప్పావు నిమిషంలో నలభై సెకన్లు ఆమె ఏం చెప్పాలో వెతుక్కుంది. దొరికేసరికి అలసిపోయి “అంతే సర్” అంది.

ఇప్పుడు ఆ ఎర్ర చుట్లు ఎక్కడెక్కడ పడ్డాయో చూడండి. మూడు “ఆఁ”లూ విషయం మారే చోటనే ఉన్నాయి: జిల్లా ఏర్పాటు నుంచి శ్రీశైలానికి, గుహల నుంచి పీవీకి, పంటల నుంచి ఆళ్లగడ్డకు. అక్కడ ఆమెకు తర్వాత ఏం చెప్పాలో తెలియదు. “అంటే” రెండుసార్లు, ముందన్న మాటను సవరించి వివరించబోయేటప్పుడు వచ్చింది. “సర్” దాదాపు ప్రతి వాక్యం చివరా ఫుల్‌స్టాపు లాగా పడుతోంది. వినయం కోసమే అంటున్నామనుకుంటాం గానీ, పదకొండోసారికి అందులో వినయం ఉండదు, శ్వాస మాత్రమే ఉంటుంది. పానెల్లో ఒక మేడమ్ ఉంటే ఈ అలవాటు ఇంకా ఇబ్బంది పెడుతుంది. ఆవిడ అడిగిన ప్రశ్నకు కూడా “సర్” అనేసి, “సారీ, మేడమ్” అని, ఆ తర్వాతి వాక్యం మరిచిపోవడం మాక్‌లలో తరచూ కనబడేదే.

ఒక్కో చోట పడే ఊతపదానికి ఒక్కో కారణం ఉంది కాబట్టి అన్నిటికీ ఒకే మందు వేస్తే కుదరదు. విషయం మారే చోట వచ్చే ఆఁ పోవాలంటే నోటికి శిక్షణ ఇచ్చి లాభం లేదు. జవాబులో విషయాలే తగ్గించాలి. ఏడు విషయాలుంటే ఆరు మలుపులు, ఒక్కటే ఉంటే మలుపే లేదు. ఏదైనా అంకె గానీ పారిభాషిక పదం గానీ చెప్పబోయే ముందు తడబడితే అది మాట సమస్య కాదు, చదువు సమస్య. ఆ పదం ఇంకా మన సొంతం కాలేదు, వెనక్కి పోయి చదవాలి. జవాబు మొదట్లోనే, మరేమీ మొదలుకాక ముందే వచ్చే “సర్, అంటే, యాక్చువల్లీ” మాత్రం నిజంగా అలవాటే. దానికి వేరే చికిత్స ఉంది.

ఆ చికిత్సను కొందరు పరీక్షించి చూశారు కూడా. 2016లో మంకుసో, మిల్టెన్‌బర్గర్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు, గోళ్లు కొరకడం లాంటి అలవాట్లు మాన్పించడానికి వాడే పద్ధతినే ఉపన్యాసాల్లో వచ్చే ఊతపదాల మీద ప్రయోగించారు. కొద్దిమంది విద్యార్థులతో చేసిన చిన్న ప్రయోగమే. పద్ధతిలో రెండు భాగాలు. ముందు, తన నోట ఊతపదం వచ్చిన ప్రతిసారీ మనిషి దాన్ని పట్టుకోవడం నేర్చుకోవాలి, మొదట తన రికార్డింగులో, తర్వాత మాట్లాడుతూ ఉండగానే. ఆ తర్వాత, ఊతపదం రాబోయే చోట దాని బదులు మౌనంగా ఆగడం నేర్చుకోవాలి. విద్యార్థుల ఊతపదాలు బాగా తగ్గాయి. మరుసటి ఏడాది మిల్టెన్‌బర్గరే స్పీలర్‌తో కలిసి చేసిన ఇంకో అధ్యయనంలో, మొదటి భాగం ఒక్కటే, అంటే పట్టుకోవడం నేర్పడమే, ఇలాంటి అలవాట్లను తగ్గించగలదని చూశారు.

నంద్యాల రూములో దీన్ని ఇలా చేయొచ్చు. మొదటి రెండు మూడు రోజులు రాత ప్రతులే. చుట్టిన ఊతపదాల్లో ఎక్కువసార్లు వచ్చింది ఒక్కటి ఎంచుకోవాలి. అన్నిటి మీదా ఒకేసారి పడితే మాటే రాదు. మన అమ్మాయికి “సర్” అనుకుందాం. తర్వాత రూమ్మేటు ప్రశ్నలడుగుతూ, ఆ మాట వినబడిన ప్రతిసారీ ఏమీ అనకుండా వేలెత్తుతుంది. మొదట్లో వేలు చూశాకే తెలుస్తుంది. కొన్నాళ్లకు వేలూ, తన గుర్తింపూ ఒకేసారి వస్తాయి. ఆ తర్వాత మాట నాలుక చివర ఉండగానే తెలిసిపోతుంది. అప్పుడు పెదాలు మూయాలి. నోరు తెరిచి ఉంచి ఆగితే గొంతు లోంచి ఏదో ఒకటి వచ్చేస్తుంది. పెదాలు కలిపి ఉంచితే రాదు. ముక్కుతో ఒక శ్వాస, తర్వాత వాక్యం. వినయం కోసం జవాబు మొదట్లో ఒక్కసారి సర్ లేదా మేడమ్ చాలు, మర్యాదకు ఏ లోటూ రాదు.

ఆ మౌనం చేసేవాళ్లకు యుగంలా అనిపిస్తుంది. అందుకే కెమెరా కావాలి. వీడియోలో కొలిచి చూసుకుంటే అది రెండు సెకన్లుంటుంది, చూసేవాళ్లకు ఆలోచిస్తున్నట్టు కనబడుతుంది. గుండె దడ, చెమట, గొంతు వణుకు, ఇవన్నీ ఎదుటివాళ్లకు స్పష్టంగా కనబడుతున్నాయని మనం అనుకునేంతగా నిజానికి కనబడవు. గిలోవిచ్ బృందం 1998లోనే ఈ భ్రమ గురించి రాసింది. వీడియోను ఒకసారి శబ్దం ఆపేసి చూడండి, ఇది నమ్ముతారు. కాళ్లు ఊపడం, వాచీ తిప్పడం లాంటివి కూడా అప్పుడే బయటపడతాయి.

ఊతపదాలు సున్నా చేయాలని మాత్రం పట్టు పట్టకండి. క్లార్క్, ఫాక్స్ ట్రీ అనే ఇద్దరు 2002లో ఇంగ్లీషు మాటల రికార్డింగులు పరిశీలించి, ఈ చిన్న ధ్వనులు ఊరికే రావని, ‘ఆగండి, మాట వస్తోంది’ అని వినేవాడికి చెప్పడానికి పనికొస్తాయని వాదించారు. నిమిషానికి ఒకటో రెండో ఉంటే ఎవరూ పట్టించుకోరు. ఒక్కటి కూడా లేకుండా గలగలా వస్తే బట్టీ అని పానెలుకు అనుమానం వస్తుంది, అప్పుడు మధ్యలో ఆపి అడుగుతారు. ఇంకొక మాట. నత్తి ఉన్నవాళ్లకు ఈ వేలెత్తే పద్ధతి వద్దు. అది వేరే సంగతి, దానికి స్పీచ్ థెరపిస్టు ఉంటారు. స్నేహితుడు లెక్కపెట్టడం వల్ల మేలుకన్నా కీడే ఎక్కువ.

ఇక సాగదీత. ఇది ఊతపదాలకన్నా మొండిది, ఎందుకంటే దానికి మూలం నోట్లో లేదు. మనం ఇళ్లలో ఏదైనా చెప్పేటప్పుడు ముందు వెనకటి కథంతా చెప్పి, చివర అసలు సంగతికి వస్తాం. వినేవాడికి తీరిక ఉంటే అది మంచి పద్ధతే. పానెలుకు తీరిక లేదు. జవాబు మొదటి వాక్యంలోనే కావాలి, కథ తర్వాత. కాబట్టి సాధనలో చేయవలసింది ఒకటే: నోరు తెరిచే ముందు, ఆ రెండు సెకన్ల మౌనంలో, చివరి వాక్యం ఏదో నిర్ణయించుకోవాలి. మొదటి వాక్యం కాదు, చివరిది. ఎక్కడ దిగాలో తెలిసిన మనిషి బస్సులో నిశ్చింతగా కూర్చుంటాడు.

మన అమ్మాయి జవాబు ఇలా మారుతుంది. చివరి వాక్యం విశ్వకర్మ రుణం దగ్గర ఆగాలని ముందే అనుకుంది.

“నంద్యాల ప్రధానంగా వ్యవసాయ జిల్లా సర్, కానీ నేను దగ్గరగా చూసింది మా ఆళ్లగడ్డ శిల్పులను. అక్కడ తరాలుగా రాతి విగ్రహాలు చెక్కే కుటుంబాలున్నాయి. ముందు రాయి కొనాలి, పనివాళ్లకు కూలి ఇవ్వాలి. మిగిలిన డబ్బు విగ్రహం అప్పగించాకే వస్తుంది. అందుకే వాళ్లకు పెట్టుబడి అప్పు అవసరం. పీఎం విశ్వకర్మ పథకంలో శిల్పులు కూడా ఉన్నారు. హామీ లేకుండా మొదట లక్ష, తర్వాత రెండు లక్షల వరకు, 5 శాతం వడ్డీకి ఇస్తారు.”

అరనిమిషం పడుతుంది. మలుపులు లేవు కాబట్టి ఆఁ పడే చోట్లు కూడా పెద్దగా లేవు. శ్రీశైలం, బెలుం, పీవీ, అన్నీ పోయాయి, పోనివ్వండి. పానెలుకు కావాలంటే అడుగుతారు. అన్నిటికన్నా ముఖ్యం, తర్వాతి ప్రశ్న ఎక్కడి నుంచి వస్తుందో ఇప్పుడు ఆమె చేతిలో ఉంది. విశ్వకర్మ ఎప్పుడు మొదలైంది, ఎన్ని వృత్తులు, రెండో విడత ఎవరికి అని అడగొచ్చు. 2023 సెప్టెంబరు 17న మొదలైందని, 18 వృత్తులని, మొదటి అప్పు సరిగ్గా తీర్చి డిజిటల్ లావాదేవీలు చేస్తున్నవాళ్లకు గానీ, పైస్థాయి శిక్షణ తీసుకున్నవాళ్లకు గానీ రెండో విడత వస్తుందని ఆమె చదువుకుని ఉండాలి. చదవకుండా ఈ జవాబు చెప్పడం కొరివితో తల గోక్కోవడమే. డబ్బు ఎప్పుడు చేతికొస్తుందన్న వాక్యం కూడా పుస్తకంలో దొరకదు. ఆళ్లగడ్డలో ఒక శిల్పి షెడ్డుకు వెళ్లి, అడ్వాన్సు ఎంత ఇస్తారు, రాయి అప్పు మీద దొరుకుతుందా, చివరి బాకీ ఎన్నాళ్లకు వస్తుంది అని అడిగి, ఆయన చెప్పినదాన్ని బట్టి ఆ వాక్యం మార్చుకోవాలి.

సాగదీతలో రెండో రకం ఇంకా ప్రమాదం. జవాబు అయిపోయాక మాట్లాడటం. మీరు ఆపగానే పానెల్లో ఎవరూ మాట్లాడరు. ఒకాయన ఏదో రాసుకుంటున్నారు, ఇంకొకరు మీ బయోడేటా తిరగేస్తున్నారు. ఆ నిశ్శబ్దాన్ని మీరు ‘సరిపోలేదు, ఇంకా చెప్పు’ అని అర్థం చేసుకుని నోటికొచ్చింది కలుపుతారు. ఆ కలిపిన ముక్కే తర్వాతి ప్రశ్న అవుతుంది.

మళ్లీ మన అమ్మాయినే చూద్దాం. “మీ నాన్న శనగ పంట మీద తీసుకున్న అప్పు కట్టకపోతే, అది ఎప్పుడు ఎన్‌పీఏ అవుతుంది?” అని అడిగారు. మామూలు అప్పులకు 90 రోజుల లెక్క. కానీ స్వల్పకాలిక పంటలకు తీసుకున్న అప్పయితే అసలు గానీ వడ్డీ గానీ రెండు పంట కాలాలు బాకీ పడితే ఎన్‌పీఏ, దీర్ఘకాలిక పంటలకైతే ఒక పంట కాలం. ఆమెకు ఇది తెలుసు. చక్కగా చెప్పింది. ఎవరూ ఏమీ అనలేదు. రెండు సెకన్లు గడిచాయి. ఆమె కలిపింది: “ఎన్‌పీఏ అయ్యాక, సర్, బ్యాంకు సర్ఫేసీ చట్టం కింద పొలం వేలం వేయొచ్చు సర్.” పానెల్లో ఒకాయన తలెత్తారు. 2002 నాటి ఆ చట్టం వ్యవసాయ భూమి మీద తాకట్టుకు వర్తించదు. 31వ సెక్షన్‌లోనే ఆ మినహాయింపు ఉంది. అప్పటిదాకా వచ్చిన మంచి పేరు ఆ ఒక్క అదనపు వాక్యంతో పోయింది. రాత ప్రతిలో చూస్తే అది కచ్చితంగా గీతకు తర్వాత ఉంటుంది. అడిగిన ప్రశ్న ‘ఎప్పుడు’, ‘తర్వాత ఏం చేస్తారు’ కాదు.

దీనికి కెమెరా సాయం చేయలేదు, మనిషే కావాలి. రూమ్మేటుకు చెప్పి ఉంచాలి: జవాబు అయిపోయాక అయిదారు సెకన్లు ఏమీ అనకుండా, ముఖంలో ఏ భావమూ చూపకుండా, కాగితం మీద ఏదో గీస్తూ కూర్చో. జవాబిచ్చేవాళ్ల పని ఆ అయిదారు సెకన్లూ నోరు మూసుకుని, రూమ్మేటు ముఖం వైపే చూస్తూ కూర్చోవడం. మొదట్లో ఇద్దరికీ నవ్వొస్తుంది. నవ్వు తగ్గేదాకా చేయాలి. జవాబు అయిపోయిందని గొంతే చెప్పాలి కూడా; చివరి వాక్యాన్ని కిందికి దించి ముగించకుండా పైకి లేపి వదిలేస్తే, పానెల్ ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూస్తుంది. ఆ ఎదురుచూపు చూసి మీరు ఇంకా మాట్లాడతారు.

స్నేహితులతో వచ్చే చిక్కు కూడా చెప్పాలి. వాళ్లు మంచివాళ్లు. తల ఊపుతూ ఉంటారు, సగం వాక్యంలోనే అర్థమైపోయినట్టు మొహం పెడతారు, అయ్యాక “బాగనే చెప్పినావులే” అంటారు. దాంతో ఏమీ తేలదు. ఎలా ఉంది అని అడగకండి. “నేనేం చెప్పినానో ఒక్క ముక్కలో చెప్పు” అని అడగండి. జిల్లా ప్రశ్నకు మొదటి జవాబు విన్న రూమ్మేటు “ఏందో, గుళ్లు, పీవీ, పంటలు...” అంటుంది. రెండోది విన్నాక “శిల్పులకు అప్పు కావాలని” అంటుంది. ఇంతకన్నా మంచి మార్కుల పద్ధతి నాకు తెలియదు. వీలైతే ఒకటి రెండు మాక్‌లు అంతగా పరిచయం లేని మనిషితో చేయండి. పక్క రూములో ఉండే సీనియరో, ఊళ్లో బ్యాంకులో పనిచేసి రిటైరైన మామో ఎవరైనా సరే. వాళ్ల దగ్గర ఈ మొహమాటం ఉండదు.

బట్టీని పట్టడానికి ఒకే ప్రశ్నను వేషం మార్చి అడగాలి. “మెకానికల్ చదివి బ్యాంకుకు ఎందుకు?” అని ఒకరోజు. “మెకానికల్ ఉద్యోగాలు దొరకలేదా?” అని ఇంకో రోజు. “రెండేళ్లలో బ్యాంకు వదిలేసి వేరే ఉద్యోగానికి పోరని నమ్మకం ఏమిటి?” అని మరో రోజు, అదీ వేరే జవాబు మధ్యలో ఆపేసి. మూడు రాత ప్రతులనూ పక్కపక్కన పెట్టండి. మూడింట్లోనూ అవే వాక్యాలు అదే వరసలో ఉంటే ఆ జవాబు బట్టీది. రెండో ప్రశ్నకు అది జవాబు కూడా కాదు. మధ్యలో ఆపితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడం, వేగం హఠాత్తుగా పెరగడం, కళ్లు పైకి తిరగడం కూడా దాని గుర్తులే. అలాంటప్పుడు జవాబు మొత్తం రాసుకోవడం మానేసి, రెండు మూడు మాటలే కాగితం మీద ఉంచుకోవాలి. వాక్యాలు ప్రతిసారీ కొత్తగా పుట్టనివ్వాలి, కొంచెం తడబడినా సరే.

తెలియని ప్రశ్నకూ సాధన కావాలి. సాగదీత అన్నిటికన్నా ఎక్కువగా కనబడేది అక్కడే: తెలియదని తెలిసిపోయాక కూడా ముప్పై సెకన్లు చుట్టూ తిరగడం. రూమ్మేటు ప్రతి మాక్‌లో ఒకటైనా కచ్చితంగా తెలియని ప్రశ్న వేయాలి. మూడు సెకన్లలో “తెలియదు సర్” అని, పెదాలు మూసి, తర్వాతి ప్రశ్న కోసం చూడాలి. సగం తెలిస్తే ఆ సగమే చెప్పి, మిగతాది గుర్తులేదని చెప్పాలి. మన ప్రాంతంలో గ్రామీణ బ్యాంకు ఏది అని అడిగితే, ఆంధ్ర ప్రగతి పేరు తెలిసి, 2025 మే 1న అది రాష్ట్రంలోని మిగతా గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయిందని తెలిసి, స్పాన్సర్ బ్యాంకు ఏదో గుర్తురాకపోతే, ఊహించి కెనరా అనడంకన్నా గుర్తురావడం లేదనడం మేలు. ప్రగతికి కెనరానే, విలీనం తర్వాతి బ్యాంకుకు యూనియన్ బ్యాంకు.

రోజుకు ఒక్క వీడియో, ఒక్క రాత ప్రతి చాలని నా అభిప్రాయం. పది వీడియోలు తీసి ఒక్కటీ రాయని రోజుకన్నా అది మెరుగు. రెండోసారి తీయడం ఉండకూడదు. ఇంటర్వ్యూలో రీటేక్ లేదు. ప్రతి రోజూ మూడు అంకెలు నోటుబుక్కులో వేసుకుంటే, పది రోజులకు ఊతపదాల అంకె దిగడం కనబడుతుంది. జవాబు మొదలయ్యే సెకను దిగడానికి ఇంకొంచెం సమయం పడుతుంది, అది చదువుతో ముడిపడి ఉంది కాబట్టి.

ఇంటర్వ్యూకు రెండు రోజుల ముందు ఈ లెక్కలన్నీ ఆపేయండి. అసలు గదిలో కూర్చుని ‘ఇప్పుడు సర్ అన్నానా’ అని లెక్కపెడుతుంటే ప్రశ్న చెవికెక్కదు. మిగిలిన మాక్‌లు కెమెరా లేకుండా, వేసుకోబోయే బట్టలతో, బూట్లతో, చేతిలో ఫైలుతో చేయాలి. తలుపు తట్టడం, లోపలికి రావచ్చా అనడం, కూర్చోమన్నాక కూర్చోవడం, చివరికి వెళ్లడం కూడా అందులో ఉండాలి. వెళ్లడాన్ని ఎవరూ సాధన చేయరు. “సరేనమ్మా, వెళ్లొచ్చు” అనగానే చాలామంది లేస్తూ లేస్తూ “థాంక్యూ సర్, యాక్చువల్లీ సర్, ఒక్క ఛాన్స్ ఇస్తే, అంటే...” అని మొదలుపెడతారు, ఫైలు జారుతుంది, కాగితాలు కింద పడతాయి. లేవాలి, ఒక్కసారి థాంక్యూ చెప్పాలి, కుర్చీ సర్దాలి, బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేయాలి. రూమ్మేటు ముందు ఇది కూడా రెండు మూడుసార్లు చేసి చూడండి.